కర్త కనిపించని పేరా

చిరంజీవి చిన్నాకి,

నువ్వు పంపిన సారాంశం నిన్న ఫోనులో రెండుసార్లు చదివాను. పొద్దున్నే ప్రింటు తీయించుకుని, పెన్సిలు పట్టుకుని మళ్లీ చదివాను. ఫోనులో చెబితే సగం నీ చెవిన పడదు, మిగతా సగం నేను మర్చిపోతాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు, పక్కన నీ కాగితం పెట్టుకో.

మన ఊళ్లో గ్రంథాలయం పెట్టాలని నువ్వూ నీ స్నేహితులూ పూనుకోవడం చూస్తే నాకెంత సంతోషంగా ఉందో వేరే చెప్పక్కర్లేదు. ఆ సంతోషం పక్కన పెట్టి, ధర్మసంస్థలో దరఖాస్తులు చదివే బల్ల వెనక పద్నాలుగేళ్లు కూర్చున్న మనిషిగా రాస్తున్నాను. ఆ బల్ల మీదికి ఇరవై పేజీల ప్రతిపాదన వచ్చినా మేం మొదట చదివేది సారాంశం ఒక్కటే. అది చదవగానే ఎవరు, ఎంత, దేనికి అడుగుతున్నారో తెలిస్తే రెండో పేజీ తిప్పేవాళ్లం. తెలియకపోతే కాగితం ‘తర్వాత చూద్దాం’ దొంతరలోకి వెళ్లేది. ఆ దొంతరలోంచి తిరిగి పైకి వచ్చినవి తక్కువ.

నువ్వు రాసిన పేరా ఇదీ:

“గ్రంథాలయోద్యమానికి పుట్టినిల్లయిన ఆంధ్రదేశంలో గ్రామీణ ప్రాంత విద్యార్థినీ విద్యార్థులలో పఠనాసక్తిని పెంపొందించవలసిన ఆవశ్యకత నేడు ఎంతైనా ఉన్నందున, మా గ్రామంలో నిరుపయోగంగా ఉన్న పాత పంచాయతీ కార్యాలయ భవనానికి మరమ్మతులు చేయించి, అందులో సకల సౌకర్యాలతో కూడిన గ్రంథాలయాన్ని ఏర్పాటు చేసి, నిపుణులచే ఎంపిక చేయబడిన పుస్తకాలను అందుబాటులోకి తీసుకురావడం ద్వారా వేలాది మంది గ్రామీణులకు విజ్ఞానాన్ని అందించాలనే సదుద్దేశంతో ఈ ప్రతిపాదన రూపొందించడం జరిగింది. గ్రంథాలయ నిర్వహణ కమిటీచే పర్యవేక్షించబడుతుంది. భవిష్యత్తులో గ్రంథాలయం స్వయం సమృద్ధి సాధించగలదని ఆశిస్తున్నాము. కావున తమరు పెద్ద మనసుతో తగు ఆర్థిక సహాయం అందించవలసిందిగా ప్రార్థిస్తున్నాము.”

ఇందులో తప్పు తెలుగు లేదు. మండలాఫీసులో ఇవ్వాల్సిన అర్జీ అయితే ఎవరూ ఏమీ అనరు. కానీ పెన్సిలు పట్టుకుని ప్రతి క్రియ దగ్గరా ఆగి ‘ఎవరు?’ అని అడుగుతూ పోయాను. ఎంపిక చేయబడిన పుస్తకాలట, ఎంచేదెవరు? పర్యవేక్షించబడుతుందట, రోజూ తాళం తీసేదెవరు? రూపొందించడం జరిగిందట, రూపొందించిందెవరు? పేరా మొత్తంలో మనిషి కనిపించేది ‘ఆశిస్తున్నాము’, ‘ప్రార్థిస్తున్నాము’ అన్న రెండు చోట్లే. అంటే మీరు చేసే పనుల దగ్గర మీరు లేరు, ఎదురుచూడటం దగ్గర మాత్రం ఉన్నారు. డబ్బిచ్చేవాడికి ఇది ఎలా వినిపిస్తుందో ఆలోచించు.

‘బడు’ వాడకూడదని, ‘జరిగింది’ అనకూడదని మీ తెలుగు మాస్టారు చెప్పే ఉంటారు. ఆయన భాష సొంపు కోసం చెప్పారు, నేను ఇంకో కారణానికి చెబుతున్నాను. నిన్న సాయంత్రం నీకు ఫోను చేసి, “ఆ నిపుణులు ఎవర్రా?” అని అడిగితే కాసేపు మాట్లాడలేదు నువ్వు. “ఇంకా అనుకోలేదత్తయ్యా” అన్నావు. చూశావా, ఆ వాక్యంలో కర్త లేకపోవడానికి కారణం నీ శైలి కాదు. ఆ పని చేసే మనిషే ఇంకా లేడు. ‘చేయబడును’ అని రాసిన చోటల్లా ఎవరికీ అప్పగించని పని ఒకటి దాక్కుని ఉంటుందని నా అనుభవం. అది మనకు కనపడకపోయినా, దరఖాస్తులు చదివి చదివి అలవాటైన కంటికి ఇట్టే కనపడుతుంది. కాబట్టి వాక్యం మార్చే ముందు మనిషిని వెతుక్కో.

నువ్వు ఫోను పెట్టేసి వెళ్లి, రాత్రి తొమ్మిదింటికి మళ్లీ చేశావు. బడిలో తెలుగు చెప్పే టీచరుగారు, ఎనిమిది నుంచి పది దాకా ఒక్కో తరగతి నుంచి ఇద్దరు పిల్లలు కలిసి పుస్తకాల జాబితా వేస్తామన్నారని చెప్పావు. ఒక్క ఫోను కాల్‌తో ‘నిపుణులు’ పోయి టీచరుగారూ ఆరుగురు పిల్లలూ వచ్చారు. నిపుణుల కంటే వీళ్లే నయం. చదవబోయే పిల్లలే ఎంచుకున్న పుస్తకాలు బీరువాలో మూలగవని ఇచ్చేవాళ్లకూ తెలుసు. అలాగే తాళం సంగతి. కమిటీలో తొమ్మిది మంది ఉన్నారు. తొమ్మిది మందీ తీస్తారంటే ఎవరూ తీయరని అర్థం. మీ వీధి చివర డిగ్రీ చదివిన కోడలుపిల్ల రోజూ సాయంత్రం 4 నుంచి 8 దాకా కూర్చుంటానందని, నెలకు రూ.5,000 అనుకున్నామని చెప్పావు. మరి అంత గట్టి మాట కాగితం మీద ఎందుకు లేదు? ‘కమిటీచే పర్యవేక్షించబడుతుంది’ అన్న వాక్యం ఆ అమ్మాయిని కప్పేసింది.

ఒక్క మాట. ప్రతి వాక్యానికీ ‘మేము’ తగిలించమని కాదు. తెలుగులో ‘తెరుస్తాం’ అంటే చాలు, ఎవరో క్రియ చివరే తెలిసిపోతుంది. ‘మేము తెరుస్తాం, మేము కొంటాం, మేము పంపుతాం’ అని వరసగా రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. చేసేవాళ్లు మారినప్పుడు మాత్రం పేరు చెప్పు: పంచాయతీ ఇచ్చింది, ఊరివాళ్లు పోగు చేశారు, పాల కేంద్రం ఒప్పుకుంది. ఎవరు చేశారన్నది ఎవరికీ అక్కర్లేని చోట కర్త లేకపోయినా నష్టం లేదు. పాత పంచాయతీ ఆఫీసు ఎవరి హయాంలో కట్టారో ఈ పేరాలో ఎవరూ అడగరు.

ఇక నీ మొదటి వాక్యం. ‘గ్రంథాలయోద్యమానికి పుట్టినిల్లు’ దగ్గర మొదలై ‘రూపొందించడం జరిగింది’ దాకా ఒకటే వాక్యం. మన భాషలో క్రియ చివర వస్తుంది కదా, చదివేవాడు అంతదాకా అన్నీ తలమీద మోసుకుంటూ రావాలి. ‘ఉన్నందున’ ఒక మూట, ‘చేయించి’ ఒక మూట, ‘ఏర్పాటు చేసి’ ఇంకో మూట, ‘తీసుకురావడం ద్వారా’ మరో మూట. ఇన్ని మోసుకొచ్చాక చివర దొరికేదేమిటి? ప్రతిపాదన రూపొందించామన్న కబురు. అది చేతిలో ఉన్న కాగితమే చెబుతోంది. రెండు పనులు జంటగా చెప్పడానికి ‘చేసి’ బాగుంటుంది, మూడైనా ఒక్కోసారి నడుస్తుంది. అంతకు మించితే అక్కడ చుక్క పెట్టి కొత్త వాక్యం మొదలుపెట్టు.

ఉద్యమం ముక్క కొట్టేయడానికి నాకూ మనసొప్పలేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టడం, అయ్యంకి వెంకటరమణయ్యగారు ఊరూరా తిరగడం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలవడం, పాతూరి నాగభూషణంగారు కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పడం, ఇవన్నీ నేను కథలుగా చెబితేనే కదా నీకీ పిచ్చి పట్టింది! కానీ ఆ పడవ కథలోంచి మనం తీసుకోవాల్సింది ఉద్యమం అన్న పెద్ద మాట కాదు. పుస్తకం దగ్గరికి జనం రాలేకపోతున్నారని ఆయన గమనించారు, అందుకని పుస్తకాన్నే రేవు దగ్గరికి తీసుకెళ్లారు. మన ఊరి పిల్లలు పుస్తకం దగ్గరికి ఎందుకు వెళ్లలేకపోతున్నారో నీ పేరాలో లేదు. అది రాయి. చరిత్రను మూడో పేజీలో పెట్టుకో, అక్కడ చదువుతారు.

అందుకేరా నిన్ను మొన్న బస్టాండులో కూర్చుని చూడమన్నది. నువ్వు చూసొచ్చి చెప్పిన వివరం నాకు నీ పేరా మొత్తం కంటే విలువగా తోచింది. బడి 4.15కి విడుస్తారు. మండల కేంద్రానికి బస్సు 4.40కి. అక్కడి శాఖా గ్రంథాలయం 11 కిలోమీటర్లు, చేరేసరికి 5.10. గ్రంథాలయం ఏడింటిదాకా తెరిచే ఉంటుంది గానీ మన ఊరికి ఆఖరి బస్సు 5.30కి. అంటే బస్టాండు నుంచి గ్రంథాలయానికి నడవడం, తిరిగి రావడం కూడా ఆ ఇరవై నిమిషాల్లోనే. ఆడపిల్లను ఆ వేళ ఆటోలో ఒంటరిగా పంపే తల్లి మన ఊళ్లో లేదు. ‘ఆవశ్యకత ఎంతైనా ఉంది’ అని పదిసార్లు రాసినా ఈ ఇరవై నిమిషాలంత గట్టిగా పలకదు. ‘ఎంతైనా’ అంటే ఎంతో ఎవరికీ తెలియదు. ఇరవై నిమిషాలంటే అందరికీ తెలుసు.

ఈ ఇరవై నిమిషాల వాక్యం ఇంకో పని కూడా చేస్తుంది. మన ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పంచాయతీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఐదొందలు ఇంటి పన్ను కడితే దాని మీద ఇంకో నలభై రూపాయలు గ్రంథాలయాలకు వెళుతుందన్నమాట. ఇది తెలిసినవాళ్లు నీ కాగితం చదవగానే అడిగేది ఒకటే: “పన్ను కడుతున్నారు, ప్రభుత్వ గ్రంథాలయం ఉంది, మళ్లీ మమ్మల్ని ఎందుకు అడుగుతున్నారు?” దీనికి జవాబు చెప్పని దరఖాస్తులు నేను చాలా చూశాను. కొందరు అసలు ఆ గ్రంథాలయం లేనట్టే రాస్తారు, అది ఇంకా తప్పు, ఒక్క ఫోనుతో బయటపడిపోతుంది. నువ్వు దాచకు. ఉంది, ఇంత దూరంలో ఉంది, పిల్లకు మిగిలేది ఇంత సేపు అని చెప్పెయ్. ప్రశ్న పుట్టకముందే జవాబు వచ్చేస్తుంది. జిల్లా సంస్థకు మీరు పెట్టుకున్న అర్జీ నకలు వెనక జతచేస్తే సరిపోతుంది.

‘వేలాది మంది గ్రామీణులు’ దగ్గర పెన్సిలుతో గట్టిగా గీత పెట్టాను. మన ఊళ్లో ఉన్నవి 640 ఇళ్లు. అందరూ కలిపి రెండు వేల పైచిలుకు ఉంటారేమో, పసిపిల్లలతో సహా. వాళ్లందరూ గ్రంథాలయానికి రారని నీకూ తెలుసు, చదివేవాళ్లకూ తెలుసు. ఖచ్చితంగా వచ్చేదెవరు? ఉన్నత పాఠశాలలో ఆరు నుంచి పది దాకా 186 మంది. అందులో సగం మంది వారానికొక పుస్తకం ఇంటికి తీసుకెళ్లారనుకో, నెలకు దాదాపు 370. పెద్దవాళ్లూ కాలేజీ పిల్లలూ తీసుకెళ్లేవి ఇంకో ముప్పై. మొత్తం నెలకు 400 పుస్తకాలు. ‘వేలాది’తో పోలిస్తే ఇది చిన్నది, కానీ దీన్ని రిజిస్టరు తెరిచి లెక్కపెట్టుకోవచ్చు. మొదటి నెలలో నూటయాభై దాటకపోయినా కంగారుపడకు, ఏడాది చివరి లక్ష్యమనే రాయి.

ఇక డబ్బు. ‘తగు ఆర్థిక సహాయం’ అంటే ఎంత? ఐదువేలా, ఐదు లక్షలా? మన పెంపకంలో ఎదుటివాణ్ని ఇంత అని నోరు తెరిచి అడగడం మర్యాద కాదని ఉంది కదా, అందువల్లే ఈ మాట వస్తుంది. శుభకార్యాల దగ్గర ఆ మొహమాటం అందమే. ఇక్కడ మాత్రం అది ఎదుటివాడి నెత్తిన లెక్క వేసే పని పెడుతుంది. అంకె మొదటి వాక్యంలోనే ఉండాలి. ‘ప్రార్థిస్తున్నాము’ తీసేసి ‘కోరుతున్నాం’ అను, గౌరవం తగ్గదు.

నువ్వు పంపిన పట్టిక కూడి చూశాను. గదుల కప్పు, కిటికీలు, కరెంటు పని రూ.1,10,000. ర్యాకులు, బల్లలు, కుర్చీలు రూ.96,000. ఒక్కోటి సగటున రూ.110 చొప్పున 1,500 పుస్తకాలు రూ.1,65,000. నిర్వాహకురాలికి ఏడాదికి రూ.60,000. కరెంటు బిల్లూ పేపర్లూ నెలకు రూ.750 చొప్పున రూ.9,000. అంతా కలిపి రూ.4,40,000. ఊళ్లో పోగైనది రూ.80,000, బ్యాంకులో ఉంది. కాబట్టి అడగాల్సింది రూ.3,60,000. సారాంశంలో ఈ పట్టికంతా కుక్కకు. అడిగే మొత్తం, ఊరు పెట్టుకున్న మొత్తం, ఈ రెండూ చాలు. ఊరు పెట్టుకున్నది తప్పకుండా చెప్పు. నీ పేరాలో అది లేనే లేదు! పంచాయతీ రెండు గదులు పదేళ్లకు తీర్మానం చేసి ఇచ్చింది, జనం ఎనభై వేలు వేసుకున్నారు. ఇంత చేసి చెప్పకుండా ‘పెద్ద మనసుతో’ అని వాళ్లను పొగడటం దేనికి?

ఆ ఎనభై వేలలో డాలస్‌లో ఉన్న మీ సీనియర్ ఇచ్చిన ఇరవై వేలున్నాయన్నావు. అతనికి ఇంకా మన పాస్‌పోర్టే ఉండి, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే పేచీ లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, విదేశీ విరాళాల చట్టం కింద నమోదు లేని మన కమిటీ ఆ సొమ్ము పుచ్చుకోకూడదు. ఇది ఇవాళే అడిగి తెలుసుకో. పుచ్చుకోకూడనిదైతే అంకె అరవై వేలకు దిగుతుంది, అడిగే మొత్తం రూ.3,80,000 అవుతుంది.

‘స్వయం సమృద్ధి సాధించగలదని ఆశిస్తున్నాము’ అన్నదాని గురించి. ఊరి గ్రంథాలయాలు ఎలా మూతపడతాయో నీకు తెలుసు. రిబ్బను కత్తిరించిన ఏడాది బాగానే నడుస్తాయి. రెండో ఏడాది కూర్చునే మనిషికి నెలనెలా ఇచ్చే డబ్బు ఆగిపోతుంది, ఆ మనిషి రావడం మానేస్తుంది, తాళం పడుతుంది. అందుకే చదివేవాళ్లు నీ పేరాలో చివరికంటా వెతికేది రెండో ఏడాది సంగతే. రెండో ఏడాది నెల ఖర్చు ఐదు వేలూ, ఏడొందల యాభయ్యీ కలిపి రూ.5,750. పాల కేంద్రం నెలకు రూ.2,750 ఇస్తామంది. మిగతా మూడు వేలకు, 300 ఇళ్లు నెలకు పది రూపాయలు ఇస్తాయని నువ్వన్నావు. “ఇస్తామన్నారా, ఇస్తారని నువ్వు అనుకున్నావా?” అంటే, సంతకాలు పెట్టింది 210 ఇళ్లన్నావు. అయితే 210 అనే రాయి. ఆ లెక్కన చేతిలో ఉన్నది రూ.4,850, లోటు రూ.900. లోటు కనపడితే ఇవ్వరేమోనని భయపడకు. ఊరు ముందే సంతకాలు పెట్టి నెలకు నాలుగువేల ఎనిమిదొందల యాభై ఒప్పుకుందంటే, ఆ తొమ్మిదొందల లోటు ఆ మాటను ఇంకా నమ్మేలా చేస్తుంది. మూడొందలని రాసి, ఎవరైనా వచ్చి కాగితాలు లెక్కపెడితే పేరా అంతా అబద్ధమైపోతుంది.

ఇవన్నీ పెట్టుకుని నేనొకటి రాశాను. నీ మాటల్లోకి మార్చుకో:

“మా ఊళ్లో గ్రంథాలయం తెరవడానికి మీ సంస్థ నుంచి రూ.3,60,000 కోరుతున్నాం. మా ఉన్నత పాఠశాలలో 186 మంది పిల్లలున్నారు. వాళ్లకు దగ్గరి గ్రంథాలయం 11 కిలోమీటర్ల దూరాన మండల కేంద్రంలో ఉంది. బడి విడిచాక బస్సెక్కి వెళ్లిన పిల్లకు ఆఖరి బస్సులోగా అక్కడ మిగిలేది 20 నిమిషాలు. పంచాయతీ తన పాత కార్యాలయంలో రెండు గదులను పదేళ్లకు తీర్మానం చేసి ఇచ్చింది, ఊరివాళ్లు రూ.80,000 పోగు చేశారు. మీరిచ్చే సొమ్ముతో కలిపి ఆ గదులు బాగుచేయించి, టీచరుగారూ పిల్లలూ కలిసి ఎంచిన 1,500 పుస్తకాలు కొంటాం. ఊరి అమ్మాయి ఒకరు రోజూ సాయంత్రం 4 నుంచి 8 దాకా గ్రంథాలయం నడుపుతారు. జూన్‌లో బడితో పాటే తెరుస్తాం. ఏడాది తిరిగేసరికి నెలకు 400 పుస్తకాలు ఇళ్లకు వెళ్లాలన్నది మా లక్ష్యం, మూడు నెలలకోసారి రిజిస్టరు నకలు మీకు పంపుతాం. రెండో ఏడాది నుంచి నెలకు రూ.5,750 ఖర్చవుతుంది, అందులో రూ.4,850 ఇస్తామని పాల కేంద్రం, 210 ఇళ్లు ఇప్పటికే సంతకాలు చేశాయి.”

నీ పేరా కంటే ఇది పొడుగే. పేరా బిగించడమంటే మాటలు తగ్గించడమేనని అనుకుంటారు చాలామంది, కానీ కాదు. ‘సకల సౌకర్యాలు’, ‘సదుద్దేశం’, ‘నిరుపయోగంగా’ లాంటివి పోయాయి, వాటి చోట ఏదో ఒకటి చెప్పే మాటలు వచ్చాయి. ఇంకా తగ్గించాల్సి వస్తే ఏది తీయాలో చూసుకో. ర్యాకులూ బల్లలూ నేను వదిలేశాను, గ్రంథాలయమంటే అవి ఉంటాయని అందరికీ తెలుసు. ఇంకో వాక్యం తీయమంటే నేనైతే సాయంత్రం వేళలు తీస్తాను. బస్సు వాక్యమూ రెండో ఏడాది వాక్యమూ మాత్రం తీయను.

చదివేవాళ్లు మారితే పేరా కొంచెం మారుతుంది. కంపెనీకి పంపేటప్పుడు గ్రంథాలయం ఎందుకు మంచిదో నచ్చజెప్పాల్సిన పనే లేదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను కింద కంపెనీలు సామాజిక బాధ్యతగా ఖర్చు పెట్టదగ్గ పనుల్లో, ఏడో షెడ్యూలులోనే, సార్వజనిక గ్రంథాలయాల ఏర్పాటు ఉంది. ‘ఈ పని ఏడో షెడ్యూలు కిందికి వస్తుంది’ అని ఒక ముక్క చేర్చు, చాలు. బయట స్థిరపడిన మన ఊరివాళ్లకు పంపేటప్పుడు 11 కిలోమీటర్లు అక్కర్లేదు, ఆ బస్సు వాళ్లూ ఎక్కినవాళ్లే. బదులుగా ఇప్పటికే ఎన్ని ఇళ్లు వేశాయో ముందు చెప్పు.

ఇంకో సంగతి, నేను చేసిన తప్పు ఒకటి. చాలా ఏళ్ల కిందట, ఈ ఉద్యోగానికి ముందు, ఆడవాళ్ల కుట్టు కేంద్రం కోసం నేనూ ఒక దరఖాస్తు రాశాను. సారాంశం ముందే రాసుకున్నాను, రూ.2,75,000 అని. తర్వాత మోటారు ధర పెరిగిందని పట్టికలో రూ.2,85,000 చేశాను, సారాంశం మార్చడం మర్చిపోయాను. కాగితం వెనక్కి వచ్చింది, రెండు అంకెల కిందా ఎర్ర గీతలు, పక్కన ‘ఏది నిజం?’ అని. దిద్ది పంపేసరికి ఆ ఏడాది సమావేశం అయిపోయింది. పదకొండు మంది ఆడవాళ్లు ఇంకో ఏడాది ఎదురుచూశారు, నా పదివేల తేడా వల్ల. అందుకని సారాంశం అన్నిటికంటే చివర రాయి. రాశాక, పట్టిక ముద్రించిన కాగితం పక్కన పెట్టుకుని, పేరాలో ఉన్న ప్రతి అంకె మీదా వేలు పెట్టి, పట్టికలో దాని జతను చూపించు. జత దొరకని అంకె ఉంటే పంపకు.

అది అయ్యాక వదినకు చదివి వినిపించు. కాగితం ఇవ్వకు, చదివి వినిపించు. వంట చేస్తూ విన్నా ఫరవాలేదు. తర్వాత, “అమ్మా, ఎంత అడిగాం? దేనికి? ఊరు ఏం పెట్టుకుంది? రెండో ఏడాది ఎవరిస్తారు?” అని అడుగు. వదిన దేనికి తడబడితే ఆ వాక్యం ఇంకా తేలలేదని. ఎక్కడ నీ ఊపిరి అందక ఆగావో అక్కడ పెన్సిలుతో చుక్క పెట్టు. నేను రాసిన దాంట్లో కూడా ‘మీరిచ్చే సొమ్ముతో కలిపి’ అన్న వాక్యం దగ్గర నాకే కొంచెం తడబాటు వచ్చింది. నువ్వు చదివినా వస్తే దాన్ని రెండుగా విరిచెయ్.

ఇంగ్లీషులో కూడా పంపాలన్నావు కదా, ముందు తెలుగు ఖాయం చేసుకో. ఎవరు ఏం చేస్తారో తెలుగులో తేలితే ఇంగ్లీషు చేసిపెట్టేవాళ్లకు పని సులువు. తేలకపోతే అక్కడ కూడా ‘చేయబడును’లే వస్తాయి.

ఆదివారం లోగా డాలస్ అబ్బాయి జవాబు కనుక్కో. నువ్వు అనుకున్న మూడొందల్లో సంతకాలు పెట్టని 90 ఇళ్లకు నువ్వొక్కడివే కాకుండా ఆ నడిపే అమ్మాయిని కూడా తీసుకెళ్లు, తలుపు తీసినవాళ్లు ఆవిడతో మాట్లాడతారు. 210 కాస్తా ఎంతయితే అంత రాసి, దాని పక్కనున్న రూ.4,850 కూడా మార్చి, కొత్త పేరా, పట్టిక రెండూ కలిపి ఒకే కవరులో నాకు పంపించు. ఫోటోలు వద్దు, కాగితాలే పంపు, పెన్సిలు పట్టాలి.

అన్నయ్యకు, వదినకు మా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ అత్తయ్య